రాజశ్రీ వారంలో ఎన్ని గంటలు

రాజశ్రీకి ముప్పై నాలుగేళ్లు. పూడిమడకలో పుట్టింది. తండ్రి సత్తిరాజు సముద్రం మీదికి వేటకు వెళతాడు, తల్లి కొర్లమ్మ చేపలు అమ్ముతుంది. రాజశ్రీ మాత్రం పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, విశాఖపట్నంలో ఒక ఆఫీసులో మూడేళ్లు డ్రాయింగులు గీసింది. ఆ ఆఫీసు మూతపడ్డాక అనకాపల్లి గవరపాలెంలో తాము అద్దెకుంటున్న మేడ మీద గదిలో ఒక కంప్యూటర్ పెట్టుకుని, సొంతంగా పని మొదలుపెట్టింది. ఇంజనీర్లు లెక్కలు కట్టి పంపిస్తారు. ఏ దూలంలో ఎన్ని ఇనుప చువ్వలు, మెట్టు ఎంత ఎత్తు, స్లాబు ఎంత మందం అని పనివాళ్లకు అర్థమయ్యేలా ఆమె గీసి ఇస్తుంది. గీసిన గంటలకు బిల్లు వేస్తుంది. అలా నాలుగేళ్లు గడిచాయి.

ఆ నాలుగేళ్లూ ఆమెకు ఒక వింత అనుభవం. పొద్దున ఎనిమిదింటికి బల్ల ముందు కూర్చునేది. కిటికీలోంచి ఎండ ముందు కీబోర్డు మీద పడేది, కాసేపటికి నేల మీదికి దిగేది, తర్వాత గోడ వారగా సాగి ఎక్కడికో పోయేది. తలెత్తి చూస్తే సాయంత్రం. ఆ మధ్యలో ఏం జరిగిందో గట్టిగా అడిగితే చెప్పలేకపోయేది. పగలంతా నీళ్లలో వేసిన ఉప్పులా కరిగిపోయేది. చిన్నప్పటి నుంచీ ఆమెను అందరూ పరధ్యానం మనిషనే అనేవారు. బళ్లో మేష్టర్లు అన్నారు, పెళ్లయ్యాక భర్త లోవరాజు కూడా నవ్వుతూ అన్నాడు. కాబట్టి కనపడకుండా పోయిన గంటలన్నీ కిటికీ బయటికి చూస్తూ తానే పోగొట్టుకుంటున్నానని రాజశ్రీ నమ్మేసింది. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, లోపల అదొక సిగ్గుగా ఉండేది.

ఒక మార్చి నెలలో బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. నితీష్ అనే అతను. అపార్టుమెంట్లకు స్ట్రక్చర్ డిజైన్ చేసే ఒక సంస్థలో డ్రాయింగుల పని పంచిపెట్టేది అతనే. ఆమె గీసినవి ఎక్కడో చూశాడట, నచ్చాయట. రేటు గంటకు మూడు వందలు అంటే సరేనన్నాడు. చివర్లో మామూలుగా అడిగాడు.

"వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు రాజశ్రీ గారూ?"

బయట ఎదురింటి డాబా మీద తడి చీరలు గాలికి మెల్లగా పైకి లేచి కిందికి వాలుతున్నాయి. వాటినే చూస్తూ రాజశ్రీ, "నలభై" అంది.

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చాలాసార్లు ఆలోచించింది. ఆఫీసులో ఉన్నప్పుడు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి అయిదు రోజులు. ఇప్పుడు అంతకంటే ఎక్కువే కూర్చుంటోంది కదా. నలభై తప్పెలా అవుతుంది?

ఏప్రిల్‌లో పని మొదలైంది. నితీష్ సోమవారం, బుధవారం, శుక్రవారం వీడియో కాల్ పెట్టేవాడు. గంట అనుకున్నది గంటన్నర పట్టేది. హైదరాబాదులో శ్రీదేవి అనే ఆర్కిటెక్టు ఇచ్చే పాత పని వారానికి అయిదు గంటలు ఎలాగూ ఉంది. ఇవి కాక, పంపిన డ్రాయింగుకు మార్పులు వచ్చేవి. మార్పులకు మళ్లీ మార్పులు వచ్చేవి. కరెంటు పోయి వచ్చేది. మే నెల ఎండల్లో కంప్యూటర్ వేడెక్కి నెమ్మదించేది. రాజశ్రీ ఆదివారాలు కూడా కూర్చుంది. అన్నం బల్ల మీదే తినేది. బిల్లు వేసే గంటలు మాత్రం నలభైకి దగ్గరగా ఎన్నడూ రాలేదు. ఎంత లాగినా ఇరవై ఏడో, ఇరవై ఎనిమిదో. వారం మొదట్లో ఎంతో విశాలంగా కనిపించేది, మధ్యకు వచ్చేసరికి కాళ్ల కింద ఇసుక జారినట్టు జారిపోయేది.

జూన్ చివర్లో ఒక భవనం మెట్ల డ్రాయింగు గురువారం మధ్యాహ్నానికి ఇవ్వాల్సింది, శనివారం సాయంత్రం ఇచ్చింది. అక్కడ సైటు మీద చువ్వలు వంచే పనివాళ్లు రెండు రోజులు ఊరికే కూర్చున్నారు. పైగా ఆ డ్రాయింగులో మెట్ల మధ్యలో మలుపు దగ్గర వచ్చే చిన్న స్లాబు ఎత్తు నూట యాభై మిల్లీమీటర్లు తప్పు పడింది. అంటే ఒక మెట్టు తేడా. నితీష్ ఆఫీసులో సరిచూసే అతను పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

నితీష్ ఫోన్ చేసినప్పుడు తిడతాడనే అనుకుంది. అతను తిట్టలేదు.

"మీరు నలభై అన్నారు, నేను నలభైకే ప్లాన్ వేశాను. రాకపోయేసరికి మిగతా ప్లాను మొత్తం కదిలిపోతోంది. ఎక్కువ ఇమ్మని నేను అడగట్లేదు. మీకు నిజంగా ఎంత కుదురుతుందో చెప్పండి, అంతే ఇస్తాను. వచ్చే నెలాఖరులోపు చెప్పండి. తెలియకపోతే మాత్రం వేరే వాళ్లను చూసుకుంటాను, ఏమనుకోకండి."

"సెప్తానండి" అంది. కంగారులో ఇంటి భాష వచ్చేసింది.

ఫోను పెట్టేసింది. నిజంగా ఎంత కుదురుతుందో ఆమెకు తెలియదు.

ఆ వారంలోనే ఆదాయపు పన్ను రిటర్న్ వేయించడానికి చంద్రమౌళి గారి దగ్గరికి వెళ్లింది. మెయిన్ రోడ్డులో మందుల షాపు మేడ మీద ఆయన ఆఫీసు. అరవై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. పాత సీలింగు ఫ్యాను కింద కాగితాలు సగం లేచి మళ్లీ వాలుతున్నాయి. మార్చితో ముగిసిన ఏడాది బిల్లులన్నీ ఆమె కట్టగట్టి తెచ్చింది. అంటే నితీష్ పని రాకముందువి. ప్రతి బిల్లులో గంటలు, రేటు రాసి ఉన్నాయి. ఆయన మొత్తాలు కూడుతూ, చేయి ఆగక గంటలు కూడా కూడేశాడు.

"తొమ్మిది వందల ముప్పై గంటలు" అన్నాడు. "ఏడాదికి యాభై రెండు వారాలు. అంటే వారానికి పద్దెనిమిది గంటల లోపే, అమ్మా."

"కాదు సార్. నేను రోజంతా కూర్చుంటాను."

ఆయన మళ్లీ కూడాడు. అదే వచ్చింది. గంటకు మూడు వందలు చొప్పున ఏడాదికి రెండు లక్షల డెబ్బై తొమ్మిది వేలు. నెలకు ఇరవై మూడు వేల చిల్లర. వారానికి నలభై గంటలంటే నెలకు నలభై ఎనిమిది వేలు వస్తాయని ఆమె మనసులో ఎప్పుడూ ఒక లెక్క ఉండేది. ఏ నెలా అంత రాకపోయినా, ఈ నెల ఏదో తేడా జరిగింది, వచ్చే నెల వస్తుందిలే అనుకునేది.

"మరి మిగతా గంటలన్నీ ఎక్కడికి పోయాయి సార్?"

చంద్రమౌళి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బిల్లులో రాయని గంట నాకు కనపడదమ్మా. అది నీకే కనపడాలి. మూడు వారాలు, చేసింది చేసినట్టు రాసి చూడు. దాచకు, పెంచకు."

దారిలో ఒక నోటుబుక్కు కొంది. మర్నాటి నుంచి రాయడం మొదలుపెట్టింది. పావుగంటకొకసారి, అప్పుడు ఏం చేస్తోందో అది. కాల్, మెసేజ్, గీత, తప్పు దిద్దడం, టీ. కిటికీ బయటికి చూస్తే అది కూడా. ఆ పేజీలో ఎక్కువగా కిటికీయే ఉంటుందని ఆమె భయం.

రాయడం మొదలయ్యాక పగలు మారిపోయింది. ఇంతకుముందు ఒకే పొగమంచులా ఉన్న రోజులో ఇప్పుడు గంటలు ఒక్కొక్కటే విడివిడిగా, మెల్లగా నడిచి వస్తున్నట్టు కనపడ్డాయి. ఒక కొత్త సైటు వాళ్లు ధర చెప్పమంటే వాళ్ల కాగితాలు చదవడానికి రెండు గంటలు పోయాయి, ఆ పని రానే లేదు. ఒక బిల్లు డబ్బు కోసం నాలుగు మెసేజ్‌లు, రెండు ఫోన్లు. ఫైలు వెళ్లలేదంటే మళ్లీ పంపడం. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ దిగేవరకు ఎదురుచూడటం. కాల్ అయ్యాక మళ్లీ గీత మీదికి మనసు తెచ్చుకోవడానికి పట్టే పది నిమిషాలు.

మూడు వారాలూ కూడి సగటు తీసింది. వారానికి బల్ల ముందు కూర్చున్నది నలభై అయిదు గంటలు. అందులో కాల్స్‌కి ఆరు. మెసేజ్‌లు, ధరలు చెప్పడం, బిల్లులు, ఫైళ్లు పంపడం ఏడు. డబ్బు రాని దిద్దుబాట్లు నాలుగు. కరెంటు, సాఫ్ట్‌వేర్, కొత్తవి నేర్చుకోవడం మూడు. టీలు, కిటికీ, అన్నీ కలిపి మూడు.

మూడే. ఆమె ఆ వరసను వేలితో మళ్లీ మళ్లీ కూడింది. వారానికి మూడు గంటలు, అందులోనే అయిదు రోజుల టీలు. మిగిలిన ఇరవై గంటలు ఆమె కలలు కంటూ పోగొట్టుకోలేదు. పనే చేసింది. బిల్లులో రాయడానికి వీలు లేని పని. ఇన్నేళ్లు తన మీద తానే మోపుకున్న నేరం ఆ పేజీలో ఎక్కడా లేదు. గదిలో ఎవరూ లేరు. కళ్లు నిండాయి, తుడుచుకోలేదు. ఎదురింటి డాబా, చీరలు, మబ్బు, అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనపడ్డాయి.

నలభై అయిదులోంచి ఇరవై మూడు తీసేస్తే ఇరవై రెండు. గీసి బిల్లు వేయగలిగేది అంతే. కానీ ఇంకో చిక్కు ఉంది. ఇరవై రెండును యాభై రెండు వారాలతో గుణిస్తే పదకొండు వందల నలభై నాలుగు. చంద్రమౌళి గారు కూడింది తొమ్మిది వందల ముప్పై. మధ్యలో ఇంకా రెండు వందల పై చిలుకు గంటలు లేవు.

శనివారం మధ్యాహ్నం కొర్లమ్మ వచ్చింది. అనకాపల్లిలో చేపలు అమ్మిన రోజు కూతురింట్లో అన్నం తిని, కాసేపు నడుం వాల్చి వెళుతుంది. చాప మీద పడుకున్న తల్లి పక్కన రాజశ్రీ నోటుబుక్కుతో కూర్చుంది. చల్లటి గాలి వస్తోంది, ఎక్కడో వాన పడుతోంది.

"ఏటే అలా ఉన్నావ్?" అంది కొర్లమ్మ కళ్లు మూసుకునే.

"అమ్మా, నాన్న ఏడాదిలో ఎన్నాళ్లు ఏటకెల్తాడే?"

"ఎన్నాళ్లేటి? ఏసంగిలో రెండు నెల్లు ఏట బందు. తుపానని సెప్తే ఆగాల. ఇంజను పాడైతే ఆగాల. వలలు బాగు సేసుకోడానికి ఎన్ని రోజులు! నూట అరవై రోజులెల్తే ఆ ఏడు బాగెల్లినట్టే." కళ్లు తెరిచి కూతురి వైపు చూసింది. "నూట అరవై రోజుల సేపల్తోనే ఏడాదంతా తినాల. ఏడాదంతా ఏటకెల్తామని లెక్కేసుకుంటే కుండలో ఏటుంటాది? ఎందుకడిగేవు?"

"ఊరికే" అంది రాజశ్రీ.

తల్లి నిద్రపోయింది. రాజశ్రీ లేచి పోయినేటిదీ ఈ ఏటిదీ క్యాలెండర్లు దించింది. నితీష్ కోసం కాదు, తన కోసం. ఆగస్టులో ఒక పని అయిపోయింది, తర్వాతది మొదలయ్యేసరికి మూడు వారాలు. నవంబరులో ఒక పని ఇదిగో అదిగో అంటూ రెండు వారాలు ఊరించి ఆలస్యంగా వచ్చింది. జనవరి చివర ఇంకో వారం ఖాళీ. అక్టోబరులో వారం రోజుల జ్వరం. పండగలు, ఊళ్లో అమ్మవారి పండగ, మరిది పెళ్లి కలిపి మూడు వారాలు. అన్నీ కలిపితే పది. పది వారాలు బిల్లు లేని వారాలు. నలభై రెండు వారాలు, వారానికి ఇరవై రెండు: తొమ్మిది వందల ఇరవై నాలుగు. చంద్రమౌళి గారి అంకెకు ఆరు గంటల తేడా. రెండు దారుల్లో వచ్చిన లెక్క దాదాపు ఒకే చోట కలిసింది.

అప్పుడు ఆమెకు తనది ఒక అంకె కాదు, రెండు అని తెలిసింది. పని ఉన్న వారంలో ఇరవై రెండు. ఎవరికైనా మాట ఇవ్వాలంటే అందులోంచే ఇవ్వాలి. ఏడాది మొత్తం మీద చూస్తే వారానికి పద్దెనిమిది. రేటు కట్టుకోవాలంటే దాని మీద కట్టుకోవాలి, ఎందుకంటే ఖాళీ వారాల్లో కూడా అద్దె, నెట్టు, సాఫ్ట్‌వేర్, అన్నం అన్నీ ఉంటాయి. ఏడాదికి ఇంటికీ పనికీ కలిపి తన వంతు నాలుగు లక్షల అరవై అయిదు వేలు కావాలి. దాన్ని తొమ్మిది వందల ముప్పైతో భాగిస్తే గంటకు అయిదు వందలు. మూడు వందల దగ్గర ఉండి నలభై గంటలు దొరుకుతాయని ఎదురుచూడటం ఎంత తప్పో అప్పుడు అర్థమైంది.

ఇరవై రెండులోంచి శ్రీదేవి గారి అయిదు తీసేసింది. అనుకోనివి వస్తాయి, వాటికి ఇంకో మూడు విడిచింది. నితీష్‌కి చెప్పగలిగేది పద్నాలుగు.

ఆదివారం పొద్దున లోవరాజు టీ తాగుతుంటే చెప్పింది. అతను పరవాడలో మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. గ్లాసు కింద పెట్టేశాడు.

"పద్నాలుగా? నలబై అని సెప్పి ఇప్పుడు పద్నాలుగంటే ఎవుడిత్తాడే నీకు పని? ముప్పై అను, కట్టపడి సేద్దువుగాని."

"మూడు నెల్లు కట్టపడ్డాను బావా. ఆదివారాలు కూడా కూసున్నాను. ఇరవై ఎనిమిది దాటలేదు, ఆఖర్న మెట్టు ఎత్తు తప్పేసేను. అది ఎవురూ సూడకపోతే?"

అతను గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు ఎనిమిది గంటల షిఫ్టు సేత్తావు. బస్సులో రెండు గంటలు పోతాయి. ఆ రెండు గంటలకీ జీతమిత్తారా?"

"ఇవ్వరు."

"నాకూ అలాటియ్యే. కాకపోతే నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి అవి కనపడవు, నాక్కూడా కనపళ్లేదు."

లోవరాజు నోటుబుక్కు అందుకుని, పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. ఎక్కడా నవ్వలేదు. "పోతే పోనీ" అన్నాడు చివరికి. "సెప్పెయ్. కానీ పోతే రెండు నెల్లు కష్టమే, ముందే అనుకో."

సోమవారం పదకొండింటికి ఫోను చేసింది. మాట ఎందుకో నిమ్మళంగా వచ్చింది. నితీష్‌కి పద్నాలుగు అని చెప్పింది, ఎలా వచ్చిందో కూడా చెప్పింది.

ఫోనులో ఎవరో నడుస్తున్న చప్పుడు.

"పద్నాలుగు కచ్చితమేనా?"

"నాకు జ్వరం వస్తే తప్ప కచ్చితమేనండి. వారం మొత్తం సెలవు కావాలంటే నెల ముందు చెప్తాను."

"ఈ మాట మార్చిలో చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు" అన్నాడు. కోపం లేదు, అలసట ఉంది. "సరే. మెట్లు మాత్రం మీరు చేయండి. మిగతాది వేరే వాళ్లకు ఇస్తాను."

"ఇంకో రెండు సంగతులున్నాయండి. మూడు కాల్స్ బదులు వారానికి ఒక్కటి పెడతారా? మిగతావి రాసి పంపిస్తే నేను అదే రోజు జవాబిస్తాను. ఇంకొకటి, నా తప్పు ఉంటే ఎన్నిసార్లైనా ఊరికే దిద్దుతాను. మీ డిజైన్ మారితే మాత్రం ఆ గంటలు బిల్లు వేస్తాను. కొత్త రేటు అయిదు వందలు."

నితీష్ నవ్వాడు. "కాల్స్ నాకూ బరువే. మారిన డిజైన్ గంటలు సరే. రేటు నాలుగు వందల యాభై చేద్దాం, ఆర్నెల్లు సమయానికి వస్తే అయిదు వందలు." కాస్త ఆగి, "మిగతా పనికి మీకు తెలిసినవాళ్లు ఉన్నారా?"

సబ్బవరంలో పావని ఉంది. పాలిటెక్నిక్‌లో కలిసి చదివింది, ఇంట్లో కూర్చుని ఇలాంటి పనే చేస్తోంది. రాజశ్రీ ఆమె నంబరు ఇచ్చింది. ఇచ్చిన మరుక్షణం పావనికి ఫోను చేసి, "నితీష్ గారు గంటలు అడుగుతారే. ఆయనికి సెప్పేముందు రెండు వారాలు రాసుకో. నోటికొచ్చింది సెప్పకు" అంది.

పావని, "నేను ముప్పై అయిదు ఈజీగా సేత్తానే" అంది.

"రాసుకోయే ముందు."

పావని రాసుకుంది. పందొమ్మిది వచ్చిందని రెండు వారాల తర్వాత వాట్సాప్‌లో పంపింది, ఒక ఏడుపు బొమ్మతో.

అంతా సుఖంగా ఏం జరగలేదు. కొత్త రేటు తాను ఇచ్చుకోలేనని శ్రీదేవి గారు అక్టోబరులో మర్యాదగా చెప్పి ఆగిపోయారు. వారానికి అయిదు గంటలు ఖాళీ అయ్యాయి, మూడు వారాలు వాటికి పని దొరకలేదు. లోవరాజు ఒకసారి "సెప్పేను కదా" అన్నాడు. అయితే ఆ మూడు వారాలూ రాజశ్రీ భయపడలేదు. ఏడాదిలో పది వారాల ఖాళీ ఉంటుందని ముందే రాసి పెట్టుకుంది, ఈ గంటలు అందులోవే. ఆ గంటల్లో పాత డ్రాయింగులు కొన్ని శుభ్రంగా సర్ది నలుగురికి పంపింది. విజయనగరంలో ఒక కాంట్రాక్టరు జవాబిచ్చాడు. పూర్తి రేటుకే.

మెట్ల డ్రాయింగులు మాత్రం ఒక్కటీ ఆలస్యం కాలేదు. గురువారం మధ్యాహ్నం పంపాల్సింది గురువారం పొద్దునే వెళ్లేది. ఫిబ్రవరిలో రేటు అయిదు వందలు అయింది, నితీష్ అడగకుండానే మార్చాడు.

ఆ నెలలోనే అతను మళ్లీ ఫోను చేశాడు. రెండు టవర్ల పని వచ్చిందట, లిఫ్టు గోడలు కూడా ఆమే గీస్తే బాగుంటుందట. "వారానికి ఇంకో పది గంటలు పెంచుతారా?"

కిటికీ బయట మధ్యాహ్నపు వెలుగు పల్చగా, కదలకుండా ఉంది. కింద వీధిలో ఎవరో పుచ్చకాయలు అరుస్తూ అమ్ముతున్నారు. రాజశ్రీ డైరీ తెరిచి వచ్చే ఆరు వారాలు చూసింది.

"విజయనగరం పని మార్చి పదిహేనుకి అయిపోతుందండి. ఆ తర్వాత నుంచి నాలుగు గంటలు పెంచగలను. పది మాత్రం కుదరదు."

"పదిహేను తర్వాత నాలుగు. రాసుకున్నాను" అన్నాడు నితీష్.

ఫోను పెట్టేసి ఆమె కూడా రాసుకుంది. తర్వాత డబ్బులు తీసుకుని, ఆ పుచ్చకాయల బండి వీధి దాటకముందే మెట్లు దిగింది.